నెలాఖరు మీటింగుకు బదులు పావుగంట

ప్రశ్న: పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో రెండేళ్లుగా ప్రొడక్షన్ సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. ప్రతి నెలా చివరి శనివారం యజమాని గారి గదిలో తొమ్మిది మందిమి మూడు గంటలు కూర్చుంటాం. నెల మొదట్లో జరిగిన తప్పులకు నెలాఖరున చీవాట్లు తింటాం. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అన్నయ్య, తమ ఆఫీసులో రోజూ పదిహేను నిమిషాలు నిలబడి మాట్లాడుకుని పనులు తేల్చుకుంటారని చెప్పాడు. మా దగ్గర కూడా ఆ పద్ధతి పెట్టించాలని ఉంది. యజమాని గారికి అరవై దాటాయి, ముప్పై ఏళ్లుగా ఈ మీటింగు ఆయన అలవాటు. "టైము వృథా అవుతోంది సార్" అంటే కోప్పడతారేమోనని భయం. ఎలా చెప్పాలి?
— ఒక పాఠకురాలు, కాశీబుగ్గ

జవాబు: "టైము వృథా" అన్న మాటను ముందు పక్కన పెట్టండమ్మా. ఆయనకు కోపం వస్తుందని కాదు, ఆ లెక్క మీకే ఎదురు తిరుగుతుంది. తొమ్మిది మంది మూడేసి గంటలు కూర్చుంటే నెలకు 27 గంటలు. రోజూ పావుగంట చొప్పున 26 పనిదినాలు నిలబడితే ఒక్కో మనిషికి ఆరున్నర గంటలు. తొమ్మిది మందిని ఆరుగురికి తగ్గించినా మొత్తం 39 గంటలు. అంటే మీరు అడుగుతున్నది పాత మీటింగు కన్నా ఎక్కువ సమయం.

విజయనగరం వైపు ఒక జనపనార మిల్లులో పనిచేసిన రోజుల్లో నేనే ఈ గోతిలో పడ్డాను. నెలవారీ సమీక్ష దండగనీ, పావుగంటలో తేల్చేద్దామనీ మహా ఉత్సాహంగా చెప్పాను. మా పెద్ద మేనేజరు కాలిక్యులేటర్ కూడా తీయలేదు. "మూడు గంటలు మిగులుస్తానంటూ ఆరున్నర గంటలు అడుగుతున్నావు కదయ్యా" అన్నారు. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ మాట మళ్లీ ఎత్తడానికి నాకు ఏడాది పట్టింది. ముప్పై ఏళ్లుగా బస్తాలూ డబ్బాలూ లెక్కపెట్టిన మనిషి దగ్గరకు తప్పుడు లెక్కతో వెళ్లకూడదు.

పావుగంట పద్ధతిలో తగ్గేది ఆలస్యం. తప్పు కనిపించిన రోజుకూ దాని మీద నిర్ణయం జరిగిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు గడిచాయన్నదే మీరు ఆయనకు చూపించాల్సింది. మీ పనిలో దీన్ని చూపించడం మరీ తేలిక. ఎందుకంటే లాటు ఒకచోట ఆగదు. పిక్కలు ఉడికి, ఆరి, కటింగుకు వెళ్లి, బోర్మా వేడిలో ఎండి, పీలింగూ గ్రేడింగూ దాటి డబ్బాలోకి చేరడానికి నాలుగైదు రోజులు. నెలాఖరు మీటింగు నాటికి ఆ లాటు ఏ వ్యాపారి గోదాములోనో ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు నావి, వాటి స్థానంలో మీ రిజిస్టరు అంకెలు పెట్టుకోండి. 80 కిలోల బస్తాలు నలభై ఒక లాటు అనుకుందాం. అంటే 3,200 కిలోల పిక్కలు. పప్పు దిగుబడి ఇరవై రెండున్నర శాతం వేసుకుంటే 720 కిలోల పప్పు వస్తుంది. అందులో మామూలుగా 72 శాతం గుండు పప్పు దిగే చోట, మూడో తేదీ లాటులో 64 శాతమే దిగింది. ఎనిమిది శాతం తేడా, అంటే సుమారు 58 కిలోల గుండు పప్పు బద్దా ముక్కా అయిపోయింది. గుండుకూ ముక్కకూ ధరలో కిలోకు వంద రూపాయలే తేడా అనుకున్నా, ఒక్క లాటు మీద 5,800 రూపాయలు పోయాయి.

ఇది నెలాఖరు మీటింగులోకి ఎలా వస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అకౌంటెంటు నెల మొత్తానికి సగటు చదువుతాడు, గుండు శాతం పడిపోయిందంటాడు. యజమాని పీలింగు మేస్త్రీ వైపు చూస్తారు. ఆమె కొత్త అమ్మాయిలు చేరారని చెబుతుంది. కటింగు మేస్త్రీ పిక్క సరిగా ఉడకలేదంటాడు, బాయిలరు మనిషి ఈసారి వచ్చిన సరుకే అలా ఉందంటాడు. మూడో తేదీన ఏం జరిగిందో ఎవరికీ గుర్తుండదు. "ఇక మీదట జాగ్రత్త" అన్న మాటతో మీటింగు ముగుస్తుంది. ఈలోపు అదే తీరులో పది లాటులు వెళ్లిపోయి ఉంటే 58,000 రూపాయలు.

అదే విషయం నాలుగో తేదీ ఉదయం గ్రేడింగు బల్ల దగ్గర గోడ మీద రాసి ఉంటే ఏమవుతుందో చూడండి. లాటు నంబరు పక్కన రెండే సమయాలు: బోర్మా నుంచి దింపింది ఉదయం ఆరు, పీలింగు మొదలైంది ఉదయం ఎనిమిది. పాత లాటుల పక్కనేమో బోర్మా దింపింది ముందురోజు సాయంత్రం అని ఉంటుంది. ఇక కారణం ఎవరూ వెతకనక్కర్లేదు. బోర్మాలో ఏడెనిమిది గంటలు ఎండిన పప్పు పొడిబారి పెళుసుగా ఉంటుంది. రాత్రంతా చల్లారి, గాలిలో తేమ కాస్త పీల్చుకున్నాక పొట్టు తీస్తే గుండుగా నిలుస్తుంది. వేడి మీదే కత్తి పెడితే విరుగుతుంది. ముందురోజు పొద్దున్న ఎక్కాల్సిన ట్రేలు రాత్రి పొద్దుపోయాక ఎక్కాయి, పొద్దున్నే ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు కాబట్టి చల్లారకుండానే పప్పు ఇచ్చేశారు. ఇందులో పీలింగు అమ్మాయిల తప్పేమీ లేదు. ట్రేలు ఎక్కించే వేళ మార్చుకుంటే సరిపోతుంది. ఆ నిర్ణయానికి పట్టేది రెండు నిమిషాలు, దాన్ని 27 రోజులు మోశాం.

అందుకే వారానికోసారి పెట్టుకుందామని ఎవరైనా మధ్యేమార్గం చెబితే ఒప్పుకోకండి. లాటు నాలుగైదు రోజుల్లో బయటకు వెళ్లే చోట వారానికోసారి మాట్లాడితే మళ్లీ అయిపోయిన పెళ్లి గురించే మాట్లాడతారు. రోజూ కుదరకపోతే రోజు విడిచి రోజు పెట్టుకోండి, అంతకన్నా దూరం వద్దు.

ఇప్పుడు "నిలబడి" అన్న మాట దగ్గరకు వద్దాం. మీ అన్నయ్య ఆఫీసులో అది మామూలు మాట. మన ఫ్యాక్టరీలో అలా కాదు. పెద్దాయన కుర్చీలో, మిగతా వాళ్లు చేతులు కట్టుకుని ఎదురుగా అన్నదే మనకు తెలిసిన నిలబడటం. "నిలబెట్టి అడిగారు" అంటే అవమానించారనే అర్థం. మీరు "రోజూ అందరం నిలబడదాం సార్" అంటే మేస్త్రీలకు రోజూ చీవాట్ల కొలువు అని వినిపిస్తుంది, యజమానికేమో తనను కుర్చీలోంచి లేపుతున్నారని వినిపిస్తుంది. కాబట్టి ఆ మాటే వాడకండి. "పొద్దున్న బోర్డు దగ్గర పావుగంట" అనండి. కుర్చీలు లేని చోట బోర్డు పెడితే నిలబడటం దానంతట అదే జరుగుతుంది. ఒకే ఒక్క షరతు: యజమాని వస్తే ఆయన కూడా నిలబడాలి. ఆయన కోసం ప్లాస్టిక్ కుర్చీ వేసిన రోజున అది మళ్లీ దర్బారు అవుతుంది. బోర్మా దగ్గర మోకాళ్ల నొప్పులున్న తాత ఉంటే మాత్రం ఆయన స్టూలు మీద కూర్చోవచ్చు, దాని వల్ల కొంపలేమీ మునగవు.

నిలబడితే నిజంగానే త్వరగా ముగుస్తుందా అన్న సందేహానికి పాత జవాబు ఒకటి ఉంది. 1999లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఐదుగురేసి ఉన్న 111 బృందాలకు ఒకే సమస్య ఇచ్చి, కొందరిని కూర్చోబెట్టి కొందరిని నిలబెట్టి చర్చింపజేశారు. కూర్చున్నవాళ్లకు 34 శాతం ఎక్కువ సమయం పట్టింది, నిర్ణయాలు మాత్రం అంతకన్నా మెరుగ్గా ఏమీ లేవు. అది ఒక్కసారి జరిపిన ప్రయోగం, అందులో యజమానీ లేడు, చీవాట్లూ లేవు. కాబట్టి దాన్ని పట్టుకుని వాదనకు దిగకండి. ఆయన అడిగితే చెప్పండి, చాలు.

ఎవరు రావాలన్నది ఇంకా ముఖ్యం. బాయిలరు, కటింగు, బోర్మా, పీలింగు, గ్రేడింగు నుంచి ఒక్కొక్కరు, వాళ్లతో మీరు. మొత్తం ఆరుగురు. అకౌంటెంటూ, పిక్కలు కొనే మనిషీ, డ్రైవరూ అక్కర్లేదు. పీలింగు ఆడవాళ్లను అసలే పిలవకండి. వాళ్లకు కిలోల లెక్కన కూలి. పావుగంట చేయి ఆగితే ఆ డబ్బు వాళ్ల సంచీలోంచే పోతుంది. ఏదో ఒక రోజు ఒకామెను పిలిచి అడగక తప్పకపోతే ఆ పావుగంటకు కూలి కట్టించండి, ఆ సంగతి ముందే యజమానితో ఒప్పించుకోండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ, ఇక్కడ పొరపాటు జరిగితే మూడో రోజు నుంచి బోర్డు పేరు చెబితేనే షెడ్డులో ముఖాలు మాడిపోతాయి.

వేళ కూడా చూసుకోండి. షెడ్డు తెరిచే సమయానికి పెట్టకండి. ఊళ్ల నుంచి ఆటోలు వచ్చేది, పప్పు తూచి ఇచ్చేది అప్పుడే. ఆ హడావిడి తగ్గాక, తొమ్మిదింబావుకో తొమ్మిదిన్నరకో పెట్టుకుని, ఆ నిమిషం మార్చకండి. ముందురోజు అంకెలు సాయంత్రం తూకం కాగానే బోర్డు మీద ఎక్కిపోవాలి. పొద్దున్న అందరూ నిలబడి ఉండగా రిజిస్టరు తెరిచి అంకెలు చదవడం మొదలుపెడితే, పావుగంట అక్కడే కరిగిపోతుంది.

మాటలు మొదలయ్యే చోటు ఒక కిటుకు. బాయిలరు నుంచి మొదలుపెట్టి వరసగా రావాలనిపిస్తుంది. అలా చేయకండి. వెనక నుంచి రండి, గ్రేడింగు మొదట, ఆ తర్వాత పీలింగు, బోర్మా, కటింగు, చివర బాయిలరు. డబ్బాకు దగ్గరగా ఉన్న లాటు మీదే ఎక్కువ ఖర్చు పెట్టి ఉంటారు, అది ఆగితేనే ఎక్కువ నష్టం. అదీకాక తప్పు ఫలితం గ్రేడింగులో బయటపడుతుంది, దాని కారణం వెనక గదుల్లో ఉంటుంది. అడిగేది కూడా మనిషిని కాదు, లాటును. "నువ్వు నిన్న ఏం చేశావు?" అని అడిగితే మనిషి తన పని గొప్పగా చెప్పుకుంటాడు. "ఈ లాటు ఎందుకు ఆగింది, ఈ రోజు ఎక్కడికి చేరాలి, దానికి ఎవరి చేయి కావాలి?" అని అడిగితే పని గురించి చెబుతాడు. మీ అన్నయ్య చేసే పద్ధతి పేరు స్క్రమ్ అయి ఉండవచ్చు. అందులో ఒకప్పుడు ఒక్కొక్కరూ నిన్న ఏం చేశాను, ఈ రోజు ఏం చేస్తాను, అడ్డం ఏమిటి అని మూడు ప్రశ్నలకు జవాబు చెప్పేవారు. 2020లో వచ్చిన దాని మార్గదర్శికలో ఆ మూడు ప్రశ్నలు తీసేశారు, పదిహేను నిమిషాలు మాత్రం ఉంచారు.

పద్ధతి చెడుతోందని చెప్పే గుర్తులు రెండు. మొదటిది, మాట్లాడేవాళ్ల కళ్లు. గ్రేడింగు మేస్త్రీ బోర్మా తాతతో చెప్పాల్సిన మాటను యజమాని ముఖంలోకి చూసి చెబుతుంటే అది నెలాఖరు మీటింగు రోజూ జరుగుతున్నట్టు. అప్పుడు యజమానిని వారానికి రెండు రోజులే రమ్మని మర్యాదగా అడగండి. లేదా ఆయన బోర్డు పక్కన కాకుండా అందరి వెనక నిలబడేలా చూడండి. రెండోది, వరసగా మూడు రోజులు అందరూ "అంతా బాగానే ఉందండి" అనడం. జీడిపప్పు షెడ్డులో మూడు రోజులు అంతా బాగుండటం నేనెప్పుడూ చూడలేదు. దానర్థం, ఎవరో నిజం చెప్పి తిట్లు తిన్నారని. ఆ మనిషిని విడిగా కలిసి మాట్లాడాలి.

ఇక పావుగంట కాస్తా ముప్పావు గంట అయ్యేది ఒకే ఒక్క కారణంతో. సమస్యను చెప్పి వదలకుండా అక్కడే విప్పబోతారు. కటింగు మిషను బ్లేడు గురించి ఇద్దరు వాదించుకుంటుంటే నలుగురు గోడలు చూస్తుంటారు. బోర్డు మూలన "తర్వాత" అని ఒక గడి గీయండి. అక్కడ బ్లేడు అని రాసి, ఆ ఇద్దరి పేర్లూ, ఎన్ని గంటలకు కలుస్తారో రాసేయండి. మిగతా వాళ్లు పనికి వెళ్లిపోవచ్చు.

అయితే నెలాఖరు మీటింగును మొత్తంగా ఎత్తేయమని అడగకండి. పావుగంటలో తేలనివి ఉన్నాయి. ఈ సీజనుకు ఉద్దానం పిక్క ఎంత కొనాలి, విశాఖ ఓడరేవులో దిగే ఆఫ్రికా సరుకు ఎంత తెప్పించాలి, బ్యాంకు అప్పు పరిమితి, కూలి రేట్లు, కొత్త బోర్మా కొనాలా వద్దా వంటివి అందరూ నిలబడి మాట్లాడేవి కావు. వాటికి నెల లెక్కలు కావాలి, కూర్చుని ఆలోచించాలి, తలుపు వేసి మాట్లాడాలి. వాటికి యజమానీ అకౌంటెంటూ మీరూ ఉంటే చాలు. తొమ్మిది మంది మూడు గంటలు కూర్చోవడానికి కారణం ఈ రెండు రకాల పనులూ ఒకే సంచీలో ఉండటమే.

ఇక ఆయనకు చెప్పే తీరు. శనివారం మీటింగులో అందరి ముందు చెప్పకండి, వాట్సాప్‌లో అసలే వద్దు. మీటింగు అయిన మూడు నాలుగు రోజులకు, ఆయన తీరికగా ఉన్న వేళ, ఒకే ఒక్క కాగితంతో వెళ్లండి. దాని మీద పోయిన మీటింగులో చర్చకు వచ్చిన విషయాలన్నీ రాసి, ఒక్కోదాని పక్కన అది మొదట కనిపించిన తేదీ, మీటింగు తేదీ, మధ్యలో గడిచిన రోజులు. ఎవరి పేరూ రాయకండి. ఒక లాటు మీద నష్టం పైన చెప్పినట్టు లెక్కకట్టి అడుగున పెట్టండి. తర్వాత ఇలా అనవచ్చు: "సార్, ఈ లాటు సంగతి మాకు నాలుగో తేదీనే తెలుసు. మీ చెవిన పడింది ముప్పయ్యో తేదీన. మధ్యలో పది లాటులు వెళ్లిపోయాయి. మీ మీటింగు అలాగే ఉండనివ్వండి. నాలుగు వారాలు మాత్రం పొద్దున్న తొమ్మిదిన్నరకు బోర్డు దగ్గర మేం ఆరుగురం పావుగంట మాట్లాడుకుంటాం. నెలాఖరుకు ఈ కాగితమే మళ్లీ తెస్తాను, రోజులు తగ్గాయో లేదో మీరే చూడండి."

ఇందులో ఆయన అలవాటును తప్పు పట్టే మాట ఒక్కటీ లేదు, ఆయన దగ్గర నుంచి తీసుకుంటున్నదీ లేదు. "రోజూ పావుగంటంటే నెలకు ఆరున్నర గంటలు కదమ్మా" అని ఆయన అంటే, "అవును సార్, ఎక్కువే అవుతుంది" అని వెంటనే ఒప్పుకోండి. ఆ తర్వాత 58 కిలోల అంకె మీద వేలు పెట్టండి.

నాలుగు వారాలయ్యాక వచ్చే శనివారం మీటింగుకు విషయాల జాబితా మీరే రాయండి. బోర్డు దగ్గర తేలిపోయిన వాటిని కొట్టేసి, కొట్టేసినవి కూడా కనిపించేలా ఆయన ముందు పెట్టండి. పద్నాలుగు విషయాల్లో పది కొట్టేసి ఉంటే, మేస్త్రీలను ఇక పంపేయమని ఆయనే అంటారు. అనకపోతే ఇంకో నెల ఆగండి, మీరు మాత్రం అనకండి.

ససేమిరా కాదంటే? బోర్మా తాతతో, పీలింగు మేస్త్రీతో, గ్రేడింగు మేస్త్రీతో పొద్దున్న పది నిమిషాలు మాట్లాడటం సూపర్‌వైజరుగా మీ పనే, దానికి అనుమతి అక్కర్లేదు. అనుమతి కావాల్సింది బోర్డు కొనడానికి. గ్రేడింగు గది గోడ మీద రెండడుగుల మేర నల్ల పెయింటు పూసి, ఒక సుద్దముక్కల పెట్టె తెచ్చుకుంటే అది కూడా అక్కర్లేదు.